మూడో క్లాజులో సెమికోలన్లు ఎవరు చూస్తారు?

కంపెనీ ఏయే పనులు చేయడానికి పుడుతోందో చెప్పే జాబితా, కంపెనీ రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే మూల పత్రమైన మెమొరాండం ఆఫ్ అసోసియేషన్‌లో మూడో క్లాజు. దాన్నే ఆబ్జెక్ట్స్ క్లాజు అంటాం. కడపలో నా చేతికి వచ్చే డ్రాఫ్టుల్లో అన్నిటికంటే అశ్రద్ధగా టైపు చేసి ఉండేది అదే. పేరు కోసం ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు, జాతకం కూడా చూపిస్తారు. షేర్లు ఎవరికెన్ని అన్నదగ్గర అన్నదమ్ములకు కంటిమీద కునుకుండదు. మూడో క్లాజు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇట్లాంటి కంపెనీదే ఇంగోటి ఉంది సార్, దాన్లోంచి తీసి ఏసేయండి" అంటారు. తీసి వేస్తారు కూడా. ఆ తర్వాత నాలాంటివాడికి పంపి, స్పెల్లింగులు ఒకసారి చూడమంటారు.

స్పెల్లింగుదేముంది, తప్పుంటే కంప్యూటరే ఎర్రగీత గీస్తుంది. ఈ క్లాజుకు ప్రూఫ్ చూడడం అంటే అసలు పని వేరే. జాబితాలో ఏ మాట ఏ మాటకు అతుక్కుందో తేల్చాలి. కంపెనీ పేరు కాగితమంతా ఒకే పేరుగా ఉందో లేదో చూడాలి. ఈ రెండూ భాషకు సంబంధించిన చిల్లర పనులనుకుని టైపిస్టుకు వదిలేయడం మనకు అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని ఇది. ఆయన ఏం వ్యాపారం చేయబోతున్నాడో తెలియకుండా కామా ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేరు.

2013 కంపెనీల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఈ క్లాజులో రెండు భాగాలుంటాయి. కంపెనీ పెట్టాక చేయబోయే వ్యాపారాలు 3(a)లో రాస్తాం. ఆ వ్యాపారాలు నడవడానికి అవసరమైన పనులు, అంటే అప్పు తీసుకోవడం, స్థలం కొనడం, ఏజెంట్లను పెట్టుకోవడం లాంటివి, 3(b)లో రాస్తాం. షేర్ల కంపెనీకి చట్టంతోపాటు ఇచ్చిన నమూనా, టేబుల్ ఏ, ఇదే పద్ధతిలో ఉంటుంది. 3(b)లో ఉన్నవన్నీ 3(a) మీద ఆధారపడినవే, వాటికి సొంత కాళ్ళు లేవు. కాబట్టి ఒక వాక్యం పైభాగంలో పడిందా కిందిభాగంలో పడిందా అన్నదాన్నిబట్టి కంపెనీ చేయగల పనే మారిపోతుంది.

జాబితాలో అతుకు ఎంత దూరం పోతుందో చూడాలంటే లా చదివినవాళ్ళందరికీ తెలిసిన పాత ఇంగ్లండ్ కేసు ఒకటుంది. 1875లో అప్పటి ఇంగ్లండ్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పిన ఆష్‌బరీ రైల్వే క్యారేజ్ కంపెనీ కేసు. కాలేజీలో దీన్ని "కంపెనీ తన ఉద్దేశాలు దాటి ఒప్పందం చేసుకుంటే ఆ ఒప్పందం చెల్లదు" అన్న సూత్రం కోసం చెబుతారు. నాకు నచ్చేది మాత్రం ఆ కంపెనీ ఆబ్జెక్ట్స్ క్లాజు రాసిన తీరు. రైలు పెట్టెలు, వ్యాగన్లు, రైల్వే సామాను తయారుచేసి అమ్మడం, అద్దెకివ్వడం ఒక అంశం. అక్కడ సెమికోలన్. మెకానికల్ ఇంజినీర్స్ అండ్ జనరల్ కాంట్రాక్టర్స్ వ్యాపారం చేయడం రెండో అంశం. మళ్ళీ సెమికోలన్. ఆ తర్వాత గనులు, భూములు, కట్టడాలు కొనడం, అమ్మడం, ఇంకా కొన్ని.

ఆ కంపెనీ బెల్జియంలో రైలుమార్గం కట్టే పనికి డబ్బు పెట్టేలా ఒప్పందం చేసుకుంది. గొడవ వచ్చినప్పుడు, "ఈ కంపెనీ జనరల్ కాంట్రాక్టరు కదా, ఏ కాంట్రాక్టైనా చేయొచ్చు కదా" అన్న వాదన ఎదుటిపక్షం నుంచి వచ్చింది. లార్డ్స్ ఒప్పుకోలేదు. జనరల్ కాంట్రాక్టర్స్ అన్న మాటను విడిగా చదివితే కంపెనీ ఇన్సూరెన్సు వ్యాపారంతో సహా ఏదైనా చేయొచ్చని అర్థం వస్తుంది, అప్పుడు మిగతా జాబితాకు అర్థమే ఉండదు. అందుకని దాన్ని పక్కనున్న మెకానికల్ ఇంజినీర్స్‌తో కలిపి చదవాలన్నారు. సెమికోలన్ ఉన్నందుకో లేనందుకో తీర్పు అలా వచ్చిందని నేననడం లేదు. కానీ డ్రాఫ్టు రాసేవాడికి అందులో ఉన్న పాఠం స్పష్టం. రెండు మాటల్ని 'అండ్'తో కట్టి ఒకే అంశంలో పెడితే మొదటిది రెండోదాన్ని తనవైపు లాక్కుంటుంది. రెండోది నిజంగా వేరే వ్యాపారమైతే దానికి వేరే అంశం ఇవ్వాలి, వేరే నంబరు ఇవ్వాలి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న ఒక కుటుంబం పాత పార్ట్‌నర్‌షిప్ ఫర్మును ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కిందికి మార్చుకుందామనుకుంది. బండలు తవ్వుతారు, కోస్తారు, పాలిష్ పెడతారు, అమ్ముతారు. కట్టింగ్ మిషన్ల బ్లేళ్ళు, పార్టులు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు అమ్ముతారు. లారీలున్నాయి. బండల లోడు లేనప్పుడు ఆ లారీలే సిమెంటు ఫ్యాక్టరీల లోడుకు బాడుగకు పోతాయి. వాళ్ళ డ్రాఫ్టులో మొదటి అంశం ఇలా వచ్చింది:

```
To carry on the business of quarrying, cutting,
polishing, buying and selling limestone slabs, tiles
and granite, machinery and spare parts and transport
of the same in India and abroad.
```

పైపైన చదివితే ఏ తప్పూ కనిపించదు. పనులన్నీ ఉన్నాయి, వస్తువులన్నీ ఉన్నాయి. కానీ కొంచెం ఆగి చదవండి. ముందు ఐదు క్రియలున్నాయి: తవ్వడం, కోయడం, పాలిష్ పెట్టడం, కొనడం, అమ్మడం. వెనక వస్తువుల వరస ఉంది. వ్యాకరణం ప్రకారం ప్రతి క్రియా ప్రతి వస్తువుకూ వర్తిస్తుంది. అంటే ఈ కంపెనీ మిషనరీని క్వారీలో తవ్వి తీస్తుంది, స్పేర్ పార్టులకు పాలిష్ పెడుతుంది. ఇది నవ్వుకుని వదిలేయదగ్గదే. ఎవరూ అలా అర్థం చేసుకోరు.

తర్వాతిది నవ్వి వదిలేసేది కాదు. గ్రానైట్ పక్కన కామా, ఆపైన మిషనరీ. ఆ కామా ఉంటే గ్రానైటూ మిషనరీ వేర్వేరు. టైపులో అది జారిపోతే గ్రానైట్ మిషనరీ అన్న ఒకే వస్తువు మిగులుతుంది, గ్రానైట్ వ్యాపారం జాబితాలోంచే మాయమవుతుంది. ఒక్క కామా మీద ఒక వ్యాపారం నిలబడి ఉందంటే ఆ వాక్యాన్ని కామా సరిచూసి వదలకూడదు, తిరగ రాయాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు చివర్లో ఉంది. రవాణా అన్నారు, దేని రవాణా? "ఆఫ్ ద సేమ్" అన్నారు. ఆ 'సేమ్' అంటే పైన చెప్పిన సరుకే. బండలు, టైల్స్, మహా అయితే మిషనరీ. సిమెంటు అందులో లేదు, ఎదుటివాళ్ళ సరుకూ లేదు. బాడుగ అన్న మాటే లేదు. ఇక ఇండియా అండ్ అబ్రాడ్ అన్న తోక దేనికి అతుక్కుంది? దానికి దగ్గర్లో ఉన్నది రవాణా. అలా చదివితే బండల్ని విదేశాలకు మోయొచ్చు గానీ విదేశాల్లో అమ్మొచ్చో లేదో తెలియదు. ఎగుమతి కోసమే కంపెనీ పెడుతున్న మనుషుల కాగితం ఇది.

యజమాని వయసులో నాకంటే పెద్దాయన. నేను ఇవన్నీ చెబుతుంటే ఓపిగ్గా విని, "అబ్బీ, మనం ఏం చేస్తాండామో ఊరందరికీ తెలుసు. కామా ఎవురు సూస్తారు?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయముంది, దానికి తర్వాత వస్తాను. ముందు డ్రాఫ్టు సంగతి ముగిస్తాను.

ఆయనతో మాట్లాడి, ఏది విడి వ్యాపారమో ఏది దానికి తోడో తేల్చుకున్నాక ఇలా మార్చాం:

```
To carry on, in India or abroad, all or any of the
following businesses, namely:
(i) to quarry limestone, granite and other building
stones;
(ii) to cut, polish, buy, sell, import and export
slabs, tiles and blocks of such stones;
(iii) to buy, sell and repair stone-cutting machinery
and its spare parts; and
(iv) to carry the goods of others by road for hire.
```

ఇందులో గమనించాల్సిన మార్పులు కొన్నే. ఇండియా, విదేశాలు అన్న మాట తోకలోంచి తలలోకి వచ్చింది. తలలో ఉన్నది కింది నాలుగింటికీ వర్తిస్తుందని ఎవరికీ అనుమానం రాదు. 'ఆల్ ఆర్ ఎనీ' అన్న మాట తలలో పెట్టడానికి కారణముంది. మూడో అంశం చివర 'అండ్' ఉంది కాబట్టి, నాలుగూ చేస్తేనే ఈ కంపెనీ తన పని చేస్తున్నట్టని మొండిగా చదివేవాడు ఒకడు ఎక్కడో ఉంటాడు. ఆ మాటతో వాడి నోరు మూతపడుతుంది. అంశాల లోపల కామాలు ఉన్నాయి కాబట్టి అంశాల మధ్య కామా పెట్టలేదు, సెమికోలన్ పెట్టాం. లోపలి గీతా బయటి గీతా ఒకేలా ఉంటే గది ఎక్కడ ముగిసిందో ఇల్లు ఎక్కడ ముగిసిందో తెలియదు. క్రియలు కూడా ఏ అంశానివి ఆ అంశంలోకి వెళ్ళాయి. ఇప్పుడు స్పేర్ పార్టులకు పాలిష్ పెట్టేవాళ్ళు లేరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వర్డ్ ఫైలు చూసి మురిసిపోయేవాళ్ళు దీన్ని మర్చిపోతారు. వర్డ్‌లో జాబితా అందంగా ఉంటుంది. ఉప అంశాలు లోపలికి జరిగి ఉంటాయి, చివరి మాట మళ్ళీ ఎడమ అంచుకు వస్తుంది. కంటికి నిర్మాణం కనిపిస్తుంది. కానీ కంపెనీ రిజిస్ట్రేషన్‌కు స్పైస్ ప్లస్ ఫారంతో వెళ్ళే ఈ-మెమొరాండం, ఐఎన్‌సీ-33, ఒక ఫారం. దాని పెట్టెలో మనం మామూలు టెక్స్టు అతికిస్తాం. అంచులు, జరుపుళ్ళు, బుల్లెట్లు దానికి పట్టవు. లోపలికి జరిపి చూపించిన నిర్మాణమంతా ఒక్క పేస్టుతో చదునైపోయి, వాక్యాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. అప్పుడు మిగిలేది నంబర్లు, సెమికోలన్లు, చివరి 'అండ్', ఫుల్‌స్టాప్ మాత్రమే. కాబట్టి నిర్మాణం కళ్ళకు కనిపించే అమరికలో కాకుండా విరామ చిహ్నాల్లో ఉండాలి. నేను డ్రాఫ్టును ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి చదువుతాను. అక్కడ అర్థమైతే ఎక్కడైనా అర్థమవుతుంది.

ఇక పెద్దాయన ప్రశ్న. కామా ఎవరు చూస్తారు?

కోర్టు చూడదు, లేదా పెద్దగా చూడదు. ఇది నేను దాచను. చట్టాల అర్థం తేల్చేటప్పుడు విరామ చిహ్నాలకున్న బరువు చిన్నదేనని మన సుప్రీంకోర్టు 1952లోనే, అశ్వినీకుమార్ ఘోష్ కేసులో, చెప్పింది. ఆ మాట చట్టాల గురించి అన్నదే అయినా మెమొరాండం లాంటి పత్రాల దగ్గరా ఇదే ధోరణి చూపి వాదించేవాళ్ళున్నారు. కామా తప్పు పడినంత మాత్రాన న్యాయమూర్తి ఒక కంపెనీ వ్యాపారాన్ని కొట్టేస్తాడని భయపెట్టి ఫీజులు వసూలు చేసే వాళ్ళను నేను సమర్థించను. పత్రం మొత్తం చదివి, మాటల వరస చూసి, అర్థమేదో తేలుస్తారు కోర్టులో.

కానీ మెమొరాండం చదివేది కోర్టా? కంపెనీ జీవితకాలంలో ఒక్కసారి కూడా ఆ కాగితం కోర్టు మెట్లెక్కకపోవచ్చు. లోను కోసం బ్యాంకుకు పోతే మేనేజరు చదువుతాడు, బ్యాంకు ప్యానెల్ లాయరు చదువుతాడు. టెండరు వేస్తే కమిటీలో గుమస్తా చదువుతాడు. వాళ్ళెవరికీ మీ వ్యాపారం మొత్తాన్ని అర్థం చేసుకుని న్యాయంగా అర్థం చెప్పాల్సిన బాధ్యత లేదు. వాళ్ళ బాధ్యతల్లా తమ సంతకం తమ మెడకు చుట్టుకోకుండా చూసుకోవడం. అనుమానం వస్తే కోర్టు అర్థం తేలుస్తుంది, బ్యాంకు ఫైలు పక్కన పెడుతుంది. ఇలాగే రవాణా అన్న మాటకు 'సేమ్' తగిలించుకున్న ఇంకో కంపెనీ లారీ లోనుకు వెళితే, బాడుగ రాబడి చూపించి లోను అడుగుతున్నారు గానీ బాడుగ వ్యాపారం మీ ఉద్దేశాల్లో ఉన్నట్టు లేదే, అని ప్యానెల్ లాయరు ఒక్క లైను రాశాడు. ఆ లాయరు చదివింది తప్పని వాదించి గెలవొచ్చు. కానీ వాదన ఎక్కడ చేస్తారు? బ్యాంకులో ఆ వాదన వినే కుర్చీ లేదు.

కాబట్టి విరామ చిహ్నాలకు బలం తక్కువని కోర్టు చెప్పిందన్న మాట నా వాదనకు అడ్డం కాదు. కోర్టు దాకా పోనవసరం లేకుండా చేయడానికే ప్రూఫ్ చూసేది.

3(b)లో రాస్తే సరిపోదా అని కొందరు సీఏలే అడుగుతారు. లారీలు నడపడం అనుబంధ పనుల్లో ఉంది కదా అంటారు. అనుబంధం అనుబంధమే. 1882లో ఇంగ్లండులో జర్మన్ డేట్ కాఫీ కంపెనీ అని ఒకటుండేది. ఖర్జూరాలతో కాఫీకి బదులు వాడే పొడి చేయడానికి జర్మన్ పేటెంటు తీసుకుని నడపాలని పెట్టారు. ఆ పేటెంటు రాలేదు. జాబితాలో ఇతర పేటెంట్లు, ఇతర పనులు అంటూ విశాలమైన మాటలు చాలానే ఉన్నాయి. కోర్టు మాత్రం అవన్నీ అసలు ఉద్దేశానికి తోడుగా రాసినవే గానీ విడిగా నిలబడేవి కాదని, అసలుదే పోయింది కాబట్టి కంపెనీని మూసేయమంది. వాళ్ళ సంగతి మూసివేత దాకా పోయింది, మనది అంత దూరం పోదు. కానీ సూత్రం ఒకటే. రాబడి వచ్చే పని ఏదైతే ఉందో అది పై జాబితాలో, తన నంబరుతో ఉండాలి. సొంత బండలు మోయడం 3(b). బాడుగకు సిమెంటు మోయడం 3(a). ఒకే లారీ కదా అనడానికి లేదు.

రెండో పని, పేరు. ఇక్కడ వచ్చే తప్పులు జాబితా తప్పులకంటే మొండివి, ఎందుకంటే కంటికి ఆనవు.

పేరు దొరుకుతుందా లేదా అని చూసేటప్పుడు రిజిస్ట్రేషన్ నియమాలు చిన్న తేడాల్ని అసలు పట్టించుకోవు. అక్షరాల మధ్య ఖాళీ, కామా, చుక్క, ఏకవచనం బహువచనం, పలకడానికి ఒకేలా ఉండే స్పెల్లింగు, ఇవేవీ తేడా కింద లెక్కకు రావు. ఆల్రెడీ ఒక కంపెనీ `SRI` అని పెట్టుకుంటే మీరు `SREE` అని పెట్టుకుని వేరే పేరు అనలేరు. దీంతో జనానికి ఒక తప్పు అభిప్రాయం పడిపోతుంది, ఆ తేడాలు ఎక్కడా లెక్కలోకి రావని. పేరు రిజర్వు అయిన క్షణం నుంచి సంగతి తలకిందులవుతుంది. అక్కడ నుంచి ఆ అక్షరాలే, ఆ ఖాళీలే, ఆ వరసే. శ్రీకి మనవాళ్ళు రాసే ఇంగ్లీషు స్పెల్లింగులు `SRI`, `SREE`, `SHRI`, `SHREE` నాలుగూ నేను ఒకే కంపెనీ ఫైలులో చూశాను. స్టోన్ ఒకచోట, స్టోన్స్ ఒకచోట. ప్రైవేట్ లిమిటెడ్ ఒకచోట పూర్తిగా, ఇంకోచోట `Pvt. Ltd.`. మెమొరాండంలో కంపెనీ పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అన్న మాటలే ఉండాలని నాలుగో సెక్షను చెబుతుంది. లెటర్‌హెడ్డు మీది అలవాటు అక్కడికి తీసుకురాకూడదు.

ఈ-మెమొరాండం ఫారం మొదటి క్లాజులో పేరును రిజర్వు అయినదాన్నుంచి తానే తెచ్చుకుని నింపుతుంది. అందుకే అక్కడ తప్పు రాదు. తప్పు మన చేత్తో టైపు చేసిన చోట్ల ఉంటుంది: ఆబ్జెక్ట్స్ క్లాజు పెట్టెలో, ఆఫీసు అద్దె ఒప్పుకోలు పత్రంలో, డైరెక్టర్ల డిక్లరేషన్లలో. మొదటి పేజీలో పేరు సరిగ్గా ఉంది కదా అని చూసి నిశ్చింతగా ఉండేవాళ్ళు, తప్పు రాలేని చోటును చూసి తృప్తిపడుతున్నారన్నమాట.

ఆబ్జెక్ట్స్ క్లాజులో నేను పాటించే నియమం ఒక్కటే. కంపెనీ తన పేరును అక్కడ చెప్పుకోకూడదు. చెప్పాల్సి వస్తే `the Company` అనాలి, ప్రతిచోటా అదే పెద్ద అక్షరంతో. పేరు లేని చోట పేరు తప్పు రాదు. ఈ నియమంతో ఇంకో లాభముంది, తనిఖీ సులువవుతుంది. ఫైండ్ పెట్టెలో కంపెనీ పేరు కొట్టి వెతకడం చాలామంది చేసే పని. పేరు కొడితే సరిగ్గా ఉన్న చోట్లే దొరుకుతాయి, తప్పుగా ఉన్నవి దాక్కుంటాయి. అందుకని పేరును కాకుండా దాని తోకను వెతకాలి. `Limited`, `Ltd`, `Pvt`, `LLP`, `M/s` ఒక్కొక్కటే కొట్టండి. ఆబ్జెక్ట్స్ క్లాజులో మొదటి నాలుగింటికీ ఫలితం సున్నా రావాలి. ఏదైనా దొరికిందంటే, మీ పేరు తప్పుగా ఉన్నదైనా కావాలి, మీరు ఏ కంపెనీ డ్రాఫ్టు తెచ్చి అతికించారో ఆ కంపెనీ పేరైనా కావాలి. రెండోది ఎంత మామూలో చెబితే నమ్మరు. బండల కంపెనీ ఉద్దేశాల్లో ఎక్కడిదో ఒక పాల డెయిరీ పేరు, డిపాజిట్లు తీసుకోవడం గురించిన లైనులో, హాయిగా కూర్చుని ఉంటుంది.

`M/s` కొట్టినప్పుడు మాత్రం సున్నా రాకపోవచ్చు. పాత ఫర్ము వ్యాపారాన్ని కొత్త కంపెనీ తీసుకుంటోందని చెప్పే అంశంలో ఫర్ము పేరు ఉండి తీరాలి. మన జిల్లాలో అసలు ఉచ్చు అక్కడుంది. ఈ ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు 2005 దాకా అధికారికంగా `Cuddapah`. తర్వాత `Kadapa` అయింది. పాత ఫర్ములు పాత స్పెల్లింగుతో రిజిస్టరయ్యాయి. కొత్త కంపెనీలు కొత్త స్పెల్లింగుతో పేరు తీసుకుంటున్నాయి. బండల బజారులో మాత్రం సరుకు పేరు ఇప్పటికీ పాత స్పెల్లింగే, బయట రాష్ట్రాల వాళ్ళకు అదే తెలుసు. అంటే ఒకే క్లాజులో ఊరి పేరు రెండు స్పెల్లింగుల్లో ఉండడం తప్పు కాదు, అలాగే ఉండాలి.

పెద్దాయన కొడుకు బెంగళూరులో చదువుకున్న పిల్లోడు, చురుకైనవాడు. డ్రాఫ్టులో రెండు స్పెల్లింగులు చూసి, ఒకేలా ఉంటే బాగుంటుందని మొత్తం ఫైలుకు ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టాడు. ఫైలు చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ కొత్త కంపెనీ ఇప్పుడు తీసుకుంటున్నది, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర ఆ స్పెల్లింగుతో లేని ఒక ఫర్మును. లారీలు, క్వారీ లీజు, కరెంటు మీటరు, అన్నీ పాత స్పెల్లింగు ఫర్ము పేరు మీద ఉన్నాయి. వాటిని కంపెనీ పేరుకు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు ప్రతి కౌంటర్లోనూ ఈ ఫర్మూ ఆ ఫర్మూ ఒకటేనని అఫిడవిట్ అడుగుతారు. నేను ఫర్ము రిజిస్ట్రేషన్ కాగితం తెప్పించి, అందులో ఉన్న అక్షరాల్ని ఉన్నట్టే, చుక్కతో సహా, మళ్ళీ పెట్టించాను. పేరు విషయంలో ఒకేలా ఉండాలి అంటే, ఆ పేరు పుట్టిన కాగితంలో ఉన్నట్టు ఉండాలి. ఒకదానితో ఒకటి పోలి ఉంటే చాలదు.

తప్పు ఉండిపోయినా తర్వాత దిద్దుకోవచ్చు కదా అనే వాళ్ళు దిద్దడం ఎలాగో తెలిసి అనరు. రిజిస్టరైన మెమొరాండంలో కామా మార్చాలన్నా అది మెమొరాండం మార్పే. పదమూడో సెక్షను కింద స్పెషల్ రిజల్యూషన్ కావాలి, అంటే వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడింతలు అనుకూలంగా పడాలి. సభ్యులకు నోటీసివ్వాలి, మీటింగు పెట్టాలి, ముప్ఫై రోజుల్లోగా ఎంజీటీ-14 ఫారం వేయాలి, రిజిస్ట్రార్ నమోదు చేసేదాకా ఆ మార్పు అమల్లోకి రాదు. కుటుంబ కంపెనీలో ఓట్లు కష్టం కాదు. కష్టమల్లా ఈలోపు ఆగిపోయిన లోనుదీ, టెండరుదీ. పేరు సంగతికొస్తే, కంపెనీ పేరులోనే స్పెల్లింగు తప్పుగా రిజర్వు చేయించుకుంటే పేరు మార్పుకు పై అనుమతి కూడా తీసుకోవాలి.

అలాగని ప్రతి డ్రాఫ్టునూ చెక్కుతూ కూర్చోమని కాదు. జాబితాలో చివరి 'అండ్' ముందు వచ్చే ఆక్స్‌ఫర్డ్ కామా పెట్టాలా వద్దా, సెమికోలన్ తర్వాత 'అండ్' ప్రతి అంశానికీ రాయాలా చివరి ముందుదానికే చాలా, ఇలాంటి వాటి మీద కంపెనీ సెక్రటరీలు ఒకరితో ఒకరు పోట్లాడుకోవడం చూశాను. ఏదైనా ఫర్వాలేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే పద్ధతి ఉంటే చాలు. తేడా పట్టుకోవడానికి నేను జాబితాను మొత్తం చదవను. ప్రతి అంశం చివరి రెండు మూడు అక్షరాలు మాత్రం పైనుంచి కిందికి చూసుకుంటూ పోతాను: సెమికోలన్, సెమికోలన్, సెమికోలన్ అండ్, ఫుల్‌స్టాప్. ఈ వరస చెడిందంటే ఆఖరి నిమిషంలో ఎవరో ఏదో దూర్చారని అర్థం. మధ్యలో ఫుల్‌స్టాప్ కనిపిస్తే, ఒకప్పుడు జాబితా అక్కడ ముగిసిందన్నమాట. దాని కింద ఉన్నవి తర్వాత వచ్చి చేరినవి, తలలో రాసిన 'ఇండియా ఆర్ అబ్రాడ్' వాటికి వర్తిస్తుందో లేదో మళ్ళీ అనుమానమే.

పెద్దాయన ఫైలులోనూ అదే జరిగింది. ఫారం నింపి, పీడీఎఫ్ దించి, డిజిటల్ సంతకాలు పెట్టబోయే సాయంత్రం, షెడ్డు మీద సోలార్ ప్యానెళ్ళు వేస్తున్నాం, అది కూడా రాయమన్నాడు కొడుకు. తానే ఐదో అంశంగా టైపు చేసి పంపాడు కూడా. నాలుగో అంశం చివర ఫుల్‌స్టాప్ అలాగే ఉంది, మూడో అంశం చివర 'అండ్' అలాగే ఉంది. వాటిని సర్దేముందు ఒక్క ప్రశ్న అడిగాను, ఆ కరెంటు ఫ్యాక్టరీకి వాడుకుంటారా, బయట అమ్ముతారా అని. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొడుకు అమ్ముదామన్నాడు. తండ్రి, "మన మిషన్లకే చాలదు, అమ్మేదేముందిరా" అన్నాడు. కాసేపు వాదులాడుకుని తండ్రి మాటే ఖాయం చేశారు. సోలార్ అంశం 3(a)లోంచి తీసి 3(b)లోకి, ఫ్యాక్టరీ అవసరాలకు కరెంటు తయారు చేసుకోవడం అన్న మాటలతో, వెళ్ళింది. పై జాబితాలో సెమికోలన్లను ముట్టుకోవాల్సిన పనే లేకపోయింది. కింది జాబితా చివర మాత్రం 'అండ్' ఒక అంశం కిందికి దిగింది.